అక్టోబరు సమీక్షలోనే తేలే రెన్యువల్

హైటెక్ సిటీలోని ఒక ఐటీ కంపెనీ ఉద్యోగులకు క్యాబులు నడిపే కాంట్రాక్టు ఒక ట్రావెల్స్ సంస్థ చేతిలో ఉందనుకుందాం. గడువు మార్చి 31తో ముగుస్తుంది. కొనసాగించడం ఇష్టం లేకపోతే 90 రోజుల ముందే, అంటే డిసెంబరు 31లోగా చెప్పాలని ఒప్పందంలో ఉంది. మూడు నెలలకోసారి జరిగే సమీక్ష జనవరిలో వచ్చేసరికి కొత్త టెండరు పిలవాలా వద్దా అన్నది తేలిపోయి ఉంటుంది. కాబట్టి రెన్యువల్‌ను కాపాడుకోవలసింది అక్టోబరు సమీక్షలోనే.

జూలై నుంచి సెప్టెంబరు వరకు 30,000 ట్రిప్పులు నడిచాయి. వాటిలో 480 ఆలస్యమయ్యాయి. ఒప్పందం 98 శాతం సమయపాలన అడిగితే సంస్థ 98.4 శాతం సాధించింది కనుక జరిమానా లేదు. కానీ ఆ 480లో 300 ఉదయం 6 గంటల షిఫ్టువే. ఆ షిఫ్టుకు నడిచినవి 3,000 ట్రిప్పులు. అంటే పదింట ఒక బండి ఆలస్యం. సగటు బాగున్నా, ఆ షిఫ్టు మేనేజరు అడ్మిన్ విభాగానికి రోజూ ఫిర్యాదు చేస్తూనే ఉంటాడు. ఇలాంటి రిపోర్టును ఈ రంగంలో పుచ్చకాయతో పోలుస్తారు: పైకి ఆకుపచ్చ, కోస్తే ఎరుపు.

అనుభవమున్న అకౌంట్ మేనేజరు ఆ ఎరుపును తానే ముందుగా చూపిస్తాడు. సమావేశానికి మూడు నాలుగు రోజుల ముందే లెక్కలు అడ్మిన్‌కు పంపుతాడు. సంస్థ జీపీఎస్ చెప్పే సమయానికీ, కంపెనీ గేటు దగ్గర ఉద్యోగి కార్డు చూపిన సమయానికీ తేడా ఉంటే అప్పుడే సరిచూసుకోవచ్చు. లేకపోతే సమావేశమంతా ఎవరి లెక్క నిజమన్న వాదనతోనే గడిచిపోతుంది.

తర్వాత కారణం చెప్పాలి. అర్ధరాత్రి దాటాక ఉద్యోగులను దింపడానికి ఊరి చివరికి వెళ్లిన బండ్లనే తెల్లవారుజామున పికప్‌కు పంపుతున్నారు. ఆ షిఫ్టుకు వేరే బండ్లు, విశ్రాంతి తీసుకున్న డ్రైవర్లు కావాలి. మార్పు ఏ తేదీకి పూర్తవుతుందో, ఖర్చు ఎవరు భరిస్తారో అక్కడే తేల్చుకోవాలి. ఎవరు ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో రాసి మర్నాటికల్లా అందరికీ మెయిల్ చేయాలి. ఆ షిఫ్టు లెక్కను వారం వారం విడిగా పంపితే, డిసెంబరులో నిర్ణయం తీసుకునేవారి చేతిలో ఆధారం ఉంటుంది.

కొన్ని సూచనలను తేలిగ్గా తీసుకోకూడదు. ఎప్పుడూ వచ్చే పెద్ద అధికారి రాకుండా కిందివారిని పంపడం, కొనుగోళ్ల విభాగం ఉన్నట్టుండి రేట్లను విడగొట్టి అడగడం టెండరు ఆలోచనకు గుర్తులు కావచ్చు. అప్పుడు మొహమాటపడకుండా అడగాలి: “రెన్యువల్‌పై సంతకం ఎవరిది? టెండరు పిలుస్తున్నారా?” ఖర్చు తగ్గించాలని హెడ్డాఫీసు నిశ్చయించుకుంటే ఎంత మంచి సమీక్షయినా ఆపలేకపోవచ్చు. కానీ అక్టోబరులోనే ఆ సంగతి తెలిస్తే, కొత్త రేటు సిద్ధం చేసుకోవడానికి రెండు నెలలకు పైగా వ్యవధి దొరుకుతుంది.