కిలోగ్రాము భారాన్ని న్యూటన్లలోకి మార్చడమెలా?

పటాన్‌చెరు షెడ్లలో బరువైన మోటార్లను చెయిన్ పుల్లీతో పైకి లేపుతారు. అక్కడ బలాన్ని కిలోల్లోనే చెప్తారు. మన లెక్కలో మాత్రం త్వరణం కావాలంటే బలం న్యూటన్లలో ఉండాలి. ఈ లెక్క చూడండి.

100 కిలోల మోటారును గొలుసు 110 కిలోగ్రాముల భారంతో నిలువుగా పైకి లాగుతోంది. త్వరణం ఎంత?

ఒక కిలో ద్రవ్యరాశిని భూమి లాగే బలమే ఒక కిలోగ్రాము భారం. అది 9.8 న్యూటన్లు. 1901లో దీని ప్రామాణిక విలువను 9.80665గా నిర్ణయించారు. మన లెక్కకు 9.8 చాలు.

గొలుసు లాగే బలం: 110 × 9.8 = 1078 న్యూటన్లు.
మోటారు భారం: 100 × 9.8 = 980 న్యూటన్లు.
మిగిలిన బలం: 1078 − 980 = 98 న్యూటన్లు.
త్వరణం: 98 ÷ 100 = 0.98 మీ/సె².

చివర భాగించింది 100తోనే, 980తో కాదు. ఎందుకంటే కింద ఉండేది ద్రవ్యరాశి. దాన్ని 9.8తో గుణించొద్దు. గుణిస్తే 0.1 వస్తుంది. అసలు మార్చకుండా 10ని 100తో భాగించినా అదే 0.1 వస్తుంది. గొలుసు బలాన్ని ఒక్కదాన్నే మార్చి, అందులోంచి 100 తీసేస్తే 9.78 వస్తుంది. ఇవన్నీ తప్పే.

జవాబు సరిచూసుకోవడానికి నేనిలా చేస్తాను. మిగిలిన బలం 10 కిలోల భారం, అంటే మోటారు భారంలో పదో వంతు. కాబట్టి త్వరణం కూడా 9.8లో పదో వంతే, అంటే 0.98 రావాలి. వచ్చిందిగా!