తొమ్మిది కేసులు, పద్దెనిమిదేళ్లు

ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌లో ఒకతని మీద కరెంటు సామాన్ల దొంగతనం కేసులు తొమ్మిది పడ్డాయి. నేరం ఒప్పుకున్నాడు. 2020లో కోర్టు ఒక్కో కేసుకు రెండేళ్ల చొప్పున శిక్ష వేసింది. ఆ తొమ్మిది శిక్షలూ కలిసి నడవాలని మాత్రం ఎక్కడా రాయలేదు. జైలు అధికారులు తొమ్మిదిని రెండుతో హెచ్చవేసి పద్దెనిమిదేళ్లన్నారు. హైకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. చివరికి 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని ఆదేశించింది. అప్పటికే అతను సుమారు మూడేళ్లు జైల్లో గడిపాడు.

అధికారుల లెక్క తప్పేమీ కాదు, చట్టమే అలా ఉంది. ఒక కేసులో శిక్ష అనుభవిస్తున్నవాడికి వేరే కేసులో శిక్ష పడితే, మొదటిది పూర్తయ్యాకే రెండోది మొదలవుతుంది. కలిపి నడవాలంటే జడ్జి ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 467వ సెక్షన్‌ కూడా ఇదే చెబుతోంది.

ఒకే విచారణలో పలు నేరాలు రుజువైతే దారి వేరు. దీనికి 25వ సెక్షన్ ఉంది. జడ్జి ముందు ఒక్కో నేరానికీ విడిగా శిక్ష చెబుతారు, తర్వాత అవి ఎలా నడవాలో నిర్ణయిస్తారు. ఒక రాత్రి ఇంటి తలుపు పగలగొట్టి, నగలు దోచి, అడ్డొచ్చిన కాపలాదారుని కొట్టిన వాడిని తీసుకోండి. మూడు నేరాలకు ఏడు, మూడు, ఒక ఏడాది శిక్షలు పడ్డాయనుకుందాం. ఏకకాలమైతే ఏడేళ్లు, వరుసగా అయితే పదకొండేళ్లు. అంతా ఒకే ఘటనలో భాగం కాబట్టి కోర్టులు సాధారణంగా ఏకకాలం వైపే మొగ్గుతాయి. అదే మనిషి వేర్వేరు నెలల్లో మూడు ఇళ్లు దోచి ఉంటే ఆ సానుభూతి దొరకడం కష్టం. ఇది కచ్చితమైన సూత్రం కాదు, జడ్జి విచక్షణే. పాత చట్టంలో కోర్టు మౌనంగా ఉంటే వరుస శిక్షలే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మాత్రం నేర తీవ్రతను చూసి ఏదో ఒకటి చెప్పమని కోర్టుకే బాధ్యత పెట్టింది. నా దృష్టిలో ఇది మంచి మార్పు.

వరుస శిక్షలకూ హద్దుంది. మొత్తం ఇరవై ఏళ్లు దాటకూడదు. ఒక నేరానికి ఆ కోర్టు వేయగల శిక్షకు రెట్టింపునూ మించకూడదు. ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ల వరకు వేయగలరు కాబట్టి ఆయన దగ్గర మొత్తం ఆరేళ్లు. కానీ ఈ హద్దు ఒకే విచారణకు మాత్రమే. హాపూర్ మనిషివి వేర్వేరు కేసులు గనక అతన్ని అది కాపాడలేదు.

జరిమానా కట్టనందుకు పడే జైలు మాత్రం దేనితోనూ కలవదు, అదనంగా అనుభవించాల్సిందే. మీవాళ్లెవరికైనా శిక్ష పడితే, శిక్ష ఖరారు చేసే రోజునే మిగతా కేసుల వివరాలు కోర్టు ముందు పెట్టి ఏకకాలం కోసం అడగమని వకీలుకు చెప్పండి.