టైటిల్ ఎక్కడ పడాలి?

వెబ్ సిరీస్ మొదటి ఎపిసోడ్ పెట్టగానే చాలాసార్లు పేర్లు పడవు. నేరుగా సీను మొదలైపోతుంది. రెండు మూడు నిమిషాలు నడిచి, మనకు సరిగ్గా ఆసక్తి పుట్టిన చోట తెగిపోతుంది. అప్పుడు మ్యూజిక్, టైటిల్. ముందొచ్చిన ఆ ముక్కను కోల్డ్ ఓపెన్ అంటారు, టీజర్ అనేవాళ్లూ ఉన్నారు. అమెరికా టీవీలో 1960ల నాటికే ఇది అలవాటైంది. ముందే టైటిల్స్ వేసుకుంటూ కూర్చుంటే జనం చానల్ తిప్పేస్తారని వాళ్ల భయం. ఇవాళ ఫోన్ పట్టుకున్న ప్రేక్షకుడికి అంత ఓపిక కూడా లేదు.

కొత్తగా రాసేవాళ్లు కోల్డ్ ఓపెన్ అనగానే ఒక హత్యో, ఛేజో వెతుక్కుంటారు. అసలు ముందు తేల్చుకోవాల్సింది ఏం జరుగుతుందన్నది కాదు, ఎక్కడ తెంచాలన్నది. ఒక ఉదాహరణ అల్లి చూద్దాం.

తెనాలిలో ఇంట్లోనే చీటీలు నడిపే సరోజమ్మ మన కథానాయిక అనుకోండి. ఇరవై మంది సభ్యులు, నెలకు తలా 5 వేలు, లక్ష రూపాయల చీటీ. పైలట్ తొలి సీను శనివారం రాత్రి ఆమె హాల్లో జరిగే చీటీ పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్లది. మామూలుగా ఇరవై వేల దగ్గర ఆగే పాట ఇవాళ ఆగడం లేదు. ఎన్నడూ నోరెత్తని టైలర్ మస్తాన్ పెంచుకుంటూ పోతున్నాడు.

"నలభై, అక్కా."

హాలంతా గప్‌చుప్. లక్షలో నలభై వేలు వదిలేసుకుంటున్నాడంటే వాడికి ఎంత అవసరం వచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మిగిలిన అరవై వేలూ రాత్రికే కావాలంటాడు. సరోజమ్మ మూడుసార్లు అడిగి పాట ముగించి, నవ్వుతూ లోపలికి వెళ్తుంది. బొడ్లో తాళంచెవి తీసి బీరువా తెరుస్తుంది. లాకర్లో నోట్లు లేవు, రెండు రబ్బరు బ్యాండ్లు పడి ఉన్నాయి.

ఇక్కడ టైటిల్ వేసేయొచ్చు. చాలామంది వేస్తారు కూడా. ఖాళీ లాకర్ చూపించి ఢామ్మని శబ్దం. తప్పేం కాదుగానీ, అక్కడ ఆపితే ప్రేక్షకుడికి దొరికేది సమాచారం మాత్రమే: డబ్బు లేదు. ఆమె ఎలాంటి మనిషో ఇంకా తెలియలేదు. డబ్బు ఎవరో కొట్టేశారా, తనే వాడేసిందా అని కాసేపు ఊహించి ఊరుకుంటాడు. సీన్ను ఇంకో అర పేజీ నడుపుదాం. సరోజమ్మ లాకర్ మూసి తాళం వేస్తుంది. లేని డబ్బుకు తాళం వేయడం డైలాగ్ రాసే పని లేని సంగతి. మళ్లీ అదే నవ్వుతో హాల్లోకి వస్తుంది.

"బ్యాంకులోంచి తీయాలి మస్తానూ. రేపు పదింటికల్లా వచ్చెయ్."

"రేపు ఆదివారం గదక్కా."

కట్. టైటిల్.

ఇప్పుడు లెక్క మారింది. ఆమె అబద్ధం ఆడగలదని తెలిసింది, ఆ అబద్ధం నిలవలేదనీ తెలిసింది. ఇరవై మంది ముందు నిలబడి ఉంది. ప్రేక్షకుడి మనసులోని ప్రశ్న "డబ్బేమైంది?" నుంచి "ఈవిడ ఇప్పుడేం చెబుతుంది?"కు జరిగింది. మొదటిదానికి జవాబు రావడానికి సీజనంతా పట్టినా ఫర్వాలేదు. రెండోదానికి జవాబు మాత్రం ఈ ఎపిసోడ్‌లోనే కావాలి, అందుకే రిమోట్ జోలికి పోడు.

ఈ తేడా రాసేటప్పుడు మనకు కనబడదు. సీన్ పేపర్ కథ తెలియనివాళ్లకు చదివి వినిపించి, కట్ దగ్గర ఆపి, "ఏం తెలుసుకోవాలనుంది?" అని అడగాలి. "ఎవరావిడ?" అంటే సీను బలహీనం. "మస్తాన్‌కు ఆ డబ్బు దేనికి?" అంటే కథ పక్కవాడి మీదికి పోయిందన్నమాట, అతని అవసరాన్ని కాస్త తగ్గించి రాయాలి. చదివేటప్పుడు వాచీ కూడా పెట్టుకోవాలి. పేజీకి నిమిషం అన్న లెక్క ఇంగ్లిష్ స్క్రిప్టుల కొలతకు పుట్టింది. అడ్డదిడ్డంగా మాట్లాడుకునే చీటీ పాట ఒక పేజీలో ముప్పై సెకన్లకే అయిపోవచ్చు, మాటల్లేని బీరువా సీను నాలుగు లైన్లలో నిమిషం తినేయొచ్చు.

ఈ పద్ధతికి అందరూ చూపించే నమూనా 2008లో వచ్చిన 'బ్రేకింగ్ బ్యాడ్' పైలట్. ఎడారిలో ప్యాంటు గాల్లో ఎగురుతుంది, గ్యాస్ మాస్క్ పెట్టుకున్న మనిషి డ్రాయరు మీద వ్యాన్ తోలుతుంటాడు. వ్యాన్ గుంటలో దిగబడ్డాక భార్యాబిడ్డల కోసం వీడియోలో నాలుగు మాటలు చెప్పి, సైరన్లు వినబడే దిక్కుకు తుపాకీ గురిపెట్టి రోడ్డు మీద నిలబడతాడు. అక్కడ టైటిల్. తర్వాత కథ వెనక్కి వెళ్తుంది. దీన్ని చూసి ఎన్ని సిరీస్‌లు 'మూడు వారాల ముందు' అన్న కార్డు వేసుకున్నాయో! వాళ్లు గమనించనిది ఏమిటంటే, ఆ సైరన్లు ఎవరివన్న బాకీని రచయిత విన్స్ గిలిగన్ అదే ఎపిసోడ్ చివర్లో తీర్చేశాడు. వచ్చేది పోలీసులు కాదు, ఫైరింజన్లు. నా మట్టుకు, బాకీ ఆరో ఎపిసోడ్ దాకా తీర్చలేనివాళ్లు వెనక్కి వెళ్లే ఆట ఆడకపోవడమే మేలు.

ఇక టైటిల్స్. స్క్రిప్టులో వీటికి అర పేజీ మించి అక్కర్లేదు. పేర్ల వరుస, అక్షరాల తీరు తర్వాత డిజైనర్లు చూసుకుంటారు. రచయిత ఇవ్వాల్సింది ఒక వస్తువు, ఒక కదలిక. మన సిరీస్‌కైతే చీటీల పుస్తకం: అడ్డంగా నెలలు, నిలువుగా ఇరవై పేర్లు. గడిలో ఎర్ర టిక్కు పడ్డప్పుడల్లా నటీనటుల పేరు ఒకటి అదే చేతిరాతలో వస్తుంది. చివరికి ఒక్క గడి ఖాళీగా మిగిలి, దాంట్లో సిరీస్ పేరు పడుతుంది. ఇరవై, పాతిక సెకన్లు చాలు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నిమిషంన్నర తీసుకుందంటే, వాళ్లు ఆ మ్యాప్‌తో ఏ రాజ్యం ఎక్కడుందో నేర్పాల్సి వచ్చింది. మనకు తెనాలి మ్యాప్ నేర్పే పని లేదు.

టైటిల్స్‌లో కథకు అత్యవసరమైనదేదీ దాచకూడదు. నెట్‌ఫ్లిక్స్ 2017లో స్కిప్ ఇంట్రో బటన్ తెచ్చింది, ఇప్పుడు దాదాపు అందరూ పెట్టారు. ఖాళీ గడి ఎవరిదన్నది గమనించినవాళ్లకు బోనస్‌గా ఉండాలిగానీ, గమనించనివాళ్లకు కథ అర్థం కాకుండా పోకూడదు. పైలట్‌లో ఆ పాతిక సెకన్లు కూడా వద్దని, "రేపు ఆదివారం గదక్కా" మీద నల్లటి తెర, పేరు వేసి ఊరుకుని, పూర్తి టైటిల్స్ రెండో ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టడం మరో దారి. కట్ బలంగా ఉంటే నేనదే ఎంచుకుంటాను.

మన దేశంలో రాసేవాళ్లు చూసుకోవాల్సిన మరో చిక్కు ఉంది. 2023 సెప్టెంబర్ 1 నుంచి, పొగాకు వాడకం కనిపించే ఓటీటీ కార్యక్రమాలకు మొదట్లోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల హెచ్చరిక వేయాలని నిబంధన వచ్చింది. మొత్తం ఎపిసోడ్‌లో ఎక్కడ ఒక్క దమ్ము లాగినా, మనం అంత చెక్కుకున్న కోల్డ్ ఓపెన్‌కు ముందు ఊపిరితిత్తుల బొమ్మ వచ్చి కూర్చుంటుందన్నమాట. అందుకే మస్తాన్ చేతిలో బీడీ తీసేసి, మెడలో టైలర్ టేపు వేశాను. పాట పెంచుతున్నప్పుడల్లా దాన్ని వేలికి చుట్టుకుంటాడు.