‘గారు’ ఎవరి పేరుకు దక్కుతుంది?

నాకు రోజూ వచ్చే సందేశాలలో పేరు చివర ‘గారు’ లేనివి అరుదు. ఎదురుపడినప్పుడు ‘సార్’ అనో, ‘అన్నా’ అనో పిలిచే విద్యార్థి కూడా ఫోనులో టైపు చేసేటప్పుడు ‘గారు’ చేరుస్తాడు. ముఖమూ గొంతూ నిలుచున్న తీరూ కనబడని చోట మర్యాద భారమంతా అక్షరాలే మోయాలి కనుక ఇది సహజమే. అయితే ఈ రెండక్షరాలు ఎవరి పేరుకు వాటంతటవే వచ్చి చేరుతున్నాయి, ఎవరి పేరు దగ్గర ఆగిపోతున్నాయి అన్నది భాషాశాస్త్రానికి ఎంత సంబంధించిన ప్రశ్నో కులానికీ అంతే సంబంధించిన ప్రశ్న.

‘గారు’ ఒంటరిగా నిలవగల మాట కాదు. అది వెంట క్రియను కూడా లాక్కొస్తుంది. ‘రమేశ్ గారు వచ్చాడు’ అంటే తెలుగు చెవికి ఎక్కడో తప్పు తగులుతుంది. ‘వచ్చారు’ అనే అనాలి. ‘నువ్వు’ ‘మీరు’గా, ‘పంపు’ ‘పంపండి’గా మారాలి. అందుచేత మర్యాద నిజంగా ఉన్నదా లేదా అన్నది పేరు దగ్గర కన్నా వాక్యం చివరే తేలుతుంది. మొదటి పంక్తిలో గారు పెట్టి, మూడో పంక్తికి ‘ఆ ఫైలు పంపు’ అని వచ్చే సందేశాలు మనందరికీ పరిచితమే. మరో విశేషం, గారు ఎవరికి వారు తగిలించుకోలేనిది. ‘నేను ఫలానా గారిని’ అంటే నవ్వుతారు. అది ఎదుటివారు ఇవ్వవలసినది. ఇవ్వకపోతే అడిగి పుచ్చుకోవడానికి వీలులేనిది.

తెలుగు క్రియల చివర ‘డు’, ‘రు’, ‘ది’ అనే మూడు ప్రత్యయాలను గమనించండి. వాడు, గాడు, వచ్చాడు ఒక వరుస. వారు, గారు, వచ్చారు ఇంకో వరుస. రామిగాడికీ రామయ్య గారికీ మధ్య ఉన్నది ఈ ‘డు’, ‘రు’ల దూరమే. ఇక స్త్రీల సంగతి మరింత ఆలోచించదగ్గది. మన వ్యాకరణంలో ఏకవచనాన పురుషుడికి ఒక రూపం, మిగిలిన సమస్తానికీ ఇంకో రూపం. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి వెళ్తేనే మనుషులు ఒక వైపు, పశువులూ వస్తువులూ మరో వైపు అవుతాయి. అంటే తెలుగులో ఒక స్త్రీకి ఆమె మనిషి అని తెలియజేసే క్రియారూపం దక్కాలంటే ఎవరో ఒకరు ఆమెను ‘రు’తో గౌరవించాలి. పొలంలో నాట్లు వేసే దళిత స్త్రీ విషయంలో ఊరి పెద్ద నోట ఈ ‘రు’ ఎన్నిసార్లు పలికి ఉంటుంది?

ఊరి సంబోధనలో రెండు దారులుండేవి. ఆసామి ఇంటి పదేళ్ల పిల్లవాడు తాత వయసున్న పాలేరును పొట్టి పేరుతో, ‘ఒరే’ అని పిలిచేవాడు. ఆ వృద్ధుడు ఆ పిల్లవాణ్ని ‘బాబుగారు’ అనో, తెలంగాణలోనైతే ‘దొరా’ అనో పిలవాలి. వయసుకు విలువిచ్చే భాష అని మనం గర్వంగా చెప్పుకునే తెలుగు, కులం ఎదురైనప్పుడు వయసును పక్కన పెట్టింది. పైగా ‘గారు’ చాలాచోట్ల అసలు పేరుకు కాక కులబిరుదుకే అతుక్కుంది. రెడ్డిగారు, చౌదరిగారు, రాజుగారు, శాస్త్రిగారు అంటే సరిపోతుంది. వ్యక్తి పేరుతో పని లేదు. కింది కులాల వైపు వచ్చేసరికి కులం పేరు గౌరవానికి ఆధారం కాకపోగా తిట్టుగా మారింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం ఈ ఏర్పాటునే తలకిందులు చేసింది. మంద కృష్ణ మాదిగ వంటి నాయకులు తిట్టుగా వినబడిన మాటనే పేరు చివర బిరుదులా నిలిపారు. పత్రికలు ఆ పేరును అలాగే అచ్చువేయక తప్పలేదు.

పత్రికల ప్రస్తావన వచ్చింది కనుక ఇంకో మాట. మన వార్తలలో మాజీ మంత్రి ‘మృతి చెందారు’, కూలీ ‘మృతి చెందాడు’. ఈ తేడాను ఎవరూ ఏ ఉద్దేశంతోనూ రాయకపోవచ్చు. అలవాటు చేతికి అందించిన రూపమే డెస్కు మీదికి వస్తుంది. ఉద్దేశం అవసరం లేకుండా పనిచేయడమే ఈ వ్యవస్థ బలం. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఒక ‘రు’ ఇవ్వకపోవడం ఏ చట్టానికీ చిక్కదు, చిక్కాలని నేను కోరడమూ లేదు.

అలాగని ఏకవచనమంతా అవమానం కాదు. ‘అమ్మ వచ్చింది’, ‘అన్న వచ్చిండు’ అన్నప్పుడు ఉన్నది చనువు. తెలంగాణ పలుకులో అన్నా, అక్కా అనే పిలుపులు ‘గారు’ ఇవ్వలేని ఆత్మీయ గౌరవాన్ని ఇస్తాయి. అందుకే కోస్తా మర్యాదను కొలబద్దగా పెట్టి ఇతర ప్రాంతాల భాషను మోటు అనడం మరో రకం ఆధిపత్యం. మరి చనువునూ చులకననూ వేరుచేసేది ఏమిటి? రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరపు భాషల సర్వనామాలపై రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇందుకు పనికొచ్చే సూత్రం ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఒకే రూపంతో పిలుచుకుంటే అది సాన్నిహిత్యం, లేదా పరస్పర గౌరవం. ఒకరు ‘నువ్వు’ అని, మరొకరు ‘మీరు’ అనవలసి వస్తే అది అధికారం. కాబట్టి ఒక సందేశాన్ని విడిగా చూస్తే ఏమీ తెలియదు, దానికి వచ్చిన జవాబును కూడా చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశ్వవిద్యాలయ విభాగంలో మర్నాడు సదస్సు ఉంది. నిర్వాహకుడు రెండు సందేశాలు పంపుతాడు. పేర్లు కల్పితం. మొదటిది: ‘సుబ్రహ్మణ్యం గారూ, రేపు కొంచెం ముందుగా రాగలరా?’ రెండోది: ‘ఎల్లయ్యా, రేపు తొమ్మిదికల్లా హాలు తాళం తియ్యి.’ ఎల్లయ్య నిర్వాహకుడి కన్నా పదిహేనేళ్లు పెద్ద. ఆయన జవాబు ‘సరే సార్, తీస్తానండి’ అని వస్తుంది. మొదటి సందేశంలో ప్రశ్న ఉంది, ‘రాలేను’ అనడానికి చోటుంది. రెండోదానిలో ఆజ్ఞ మాత్రమే ఉంది. ఇక్కడ ‘గారు’ లోపించడం కన్నా కాదనే వీలు లోపించడం పెద్ద లోటు.

ఇంగ్లీషులో రాస్తే ఈ బెడద ఉండదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి సగం ఆధారం ఉంది. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ‘దౌ’, ‘యూ’ అని నువ్వు, మీరు వంటి భేదం ఉండేది. ‘దౌ’ వాడుక నుంచి తప్పుకుంది. బహువచనమైన ‘యూ’ అందరికీ మిగిలింది. ఒక విధంగా ఇంగ్లీషు మాట్లాడేవారు అందరినీ ‘మీరు’ అంటున్నట్టే. కానీ మన నిర్వాహకుడు ఇంగ్లీషులో ఏం రాస్తాడు? ‘సుబ్రహ్మణ్యం సర్, కుడ్ యూ ప్లీజ్ కమ్ అ లిటిల్ ఎర్లీ?’ అని ఒకరికి, ‘ఎల్లయ్య, ఓపెన్ ద హాల్ బై నైన్’ అని ఇంకొకరికి. తెలుగు గారు ఇంగ్లీషు ‘సర్’లో దూరింది, తెలుగు ‘తియ్యి’ ఇంగ్లీషు ఆజ్ఞలో దూరింది. రెండో వాక్యం ముందు ‘ప్లీజ్’ తగిలించినా, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అన్నా అది ఆజ్ఞే. మెత్తటి గుడ్డ చుట్టిన ఆజ్ఞ.

బిరుదులు లేని ఇంగ్లీషులో గౌరవం ఉండే చోటు వాక్య నిర్మాణం. ఎల్లయ్యకు రాయవలసింది ఇలా ఉండవచ్చు: ‘హలో ఎల్లయ్య, కుడ్ యూ ఓపెన్ ద హాల్ బై నైన్ టుమారో? ఇఫ్ దట్ ఈజ్ టూ ఎర్లీ, లెట్ మి నో అండ్ ఐ విల్ కలెక్ట్ ద కీ టునైట్.’ ఇందులో గారూ లేదు, సారూ లేదు. అభ్యర్థన ప్రశ్నగా మారింది. కాదంటే ఏం చేయాలో రాసిన మనిషే చెప్పాడు, ఆ కష్టం తాను తీసుకున్నాడు. ‘సర్’ తీసేసి ఇదే నిర్మాణంలో సుబ్రహ్మణ్యానికీ రాస్తే రెండు సందేశాలూ సమానమవుతాయి. సదస్సు ముగిశాక పంపే కృతజ్ఞతల సందేశంలో ఆచార్యుల పేర్లు రాసి, చివర ‘అవర్ అటెండర్స్’ అని గుంపుగా తేల్చకుండా ఎల్లయ్య పేరు కూడా పేరుగానే రాయడం ఇందులో భాగమే.

‘మిస్టర్’ గారుకు సమానం కాదా అని విద్యార్థులు అడుగుతుంటారు. కాదు. ఇంగ్లీషు మిస్టర్ వంశనామానికి తగులుతుంది. మన ఇంటిపేరు ముందుంటుంది, పైగా ఎవరూ దానితో పిలవరు. దరఖాస్తుల్లో చివరి మాటనే వంశనామంగా తీసుకుంటే ‘మిస్టర్ రెడ్డి’, ‘మిస్టర్ శర్మ’ తయారవుతారు. కులబిరుదు మళ్లీ గౌరవాన్ని గెలుచుకుంటుంది.

అందరినీ ఉత్త పేరుతో పిలిచే పద్ధతి ఎక్కడి నుంచి మొదలవ్వాలన్నది కూడా ముఖ్యం. స్వీడన్‌లో 1967లో వైద్య విభాగ జాతీయ సంస్థ అధిపతిగా చేరిన బ్రోర్ రెక్సెద్, సిబ్బంది అందరినీ పేరుతోనే పిలుస్తానని, తననూ అలాగే పిలవమని ప్రకటించాడు. ఆ దేశంలో సంబోధనల మార్పుకు అదొక గుర్తుగా నిలిచింది. అక్కడ ముందుగా బిరుదు వదులుకున్నది పైనున్నవాడు. మన కార్యాలయాలలో ‘మనమంతా ఫస్ట్ నేమ్ బేసిస్’ అంటూనే, కింద ఉన్నవారి పేర్లకే మొదట తోక కత్తిరిస్తాం. ‘సర్’ మాత్రం పైన భద్రంగా ఉంటుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. తరతరాలుగా ఉత్త పేరుతోనే పిలిపించుకున్న కుటుంబం నుంచి వచ్చి పీహెచ్‌డీ సంపాదించిన ఒక దళిత పరిశోధకురాలు ఉన్నారనుకుందాం. అమెరికన్ సహోద్యోగి ఆమెను ఉత్త పేరుతో పిలిస్తే అది ఆ దేశపు అలవాటు. అదే పేరును అదే సంస్థలో పనిచేసే పైకులం తెలుగువాడు అదే విధంగా పిలిస్తే, ఆ పిలుపులో ఆమెకు ఊరు వినబడవచ్చు. అటువంటి చోట బిరుదులు వద్దనడం ఆధునికత అని ఆమెకు పాఠం చెప్పే హక్కు, ఎన్నడూ ఉత్త పేరుతో పిలిపించుకోని వారికి లేదు. ఆమె ‘డాక్టర్’ కావాలంటే రాయాలి, అక్కరలేదంటే మానాలి. ఇంగ్లీషులో ఆ సంగతి ముందే అడగడం మామూలే: ‘హౌ వుడ్ యూ లైక్ టు బి అడ్రెస్డ్?’ తెలుగులో మనకు ఆ అలవాటు తక్కువ. ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని ఎల్లయ్యను అడిగిన నిర్వాహకుణ్ని నేనింకా చూడలేదు.