డెబిట్ అంటే తగ్గడమేనా?

డెబిట్ ఖాతాకు ఎడమ వైపు, క్రెడిట్ కుడి వైపు. పెరిగిందా, తగ్గిందా అన్నది ఖాతా రకాన్ని బట్టి ఉంటుంది. ఆస్తులు, ఖర్చులు డెబిట్‌తో పెరుగుతాయి. అప్పులు, మూలధనం, ఆదాయం క్రెడిట్‌తో పెరుగుతాయి.

ఒక కిరాణా వ్యాపారి బ్యాంకు నుంచి 5,000 రూపాయలు తీశాడనుకుందాం. అతని పుస్తకంలో నగదు ఖాతాకు డెబిట్, అంటే చేతిలో డబ్బు పెరిగింది. బ్యాంకు ఖాతాకు క్రెడిట్, అంటే అక్కడ తగ్గింది. ఫోనుకు వచ్చిన సందేశం మాత్రం ‘డెబిట్’ అంటుంది. అది బ్యాంకు రాసుకున్న లెక్క. ఖాతాదారు డిపాజిట్ బ్యాంకుకు అప్పు. చెల్లించగానే ఆ అప్పు తగ్గింది, అప్పు తగ్గితే డెబిట్.

గందరగోళమంతా ఇక్కడే. సందేశం చూసి వ్యాపారి కూడా బ్యాంకు ఖాతాను డెబిట్ చేస్తే, అతని పుస్తకంలో నిల్వ బ్యాంకు స్టేట్‌మెంట్ కన్నా 10,000 ఎక్కువ చూపిస్తుంది. తేడాలో సగం మొత్తాన్ని పద్దుల్లో వెతికితే, తప్పు వైపు రాసిన పద్దు సాధారణంగా దొరుకుతుంది.