పది డిగ్రీల లెక్క

1884లో ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు వాంట్ హాఫ్ రసాయన చర్యల వేగం మీద ఒక పుస్తకం వేశాడు. వేడి పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యలు రెండు మూడు రెట్లు వేగంగా జరుగుతాయని అందులో గమనించాడు. ఐదేళ్ల తర్వాత స్వీడన్‌కు చెందిన అర్హీనియస్, ఆమ్లంలో చెరకు చక్కెర విడిపోయే తీరును పట్టుకుని ఆ వేగానికి సమీకరణం కట్టాడు. ఇద్దరి దృష్టీ తిండి చెడిపోవడం మీద లేదు. అయినా ఈరోజు చిరుతిళ్ల ప్యాకెట్ల మీద అచ్చయ్యే గడువు తేదీల వెనుక తరచూ ఉండేది ఆ పది డిగ్రీల లెక్కే. దాని పేరు క్యూ-టెన్.

దీన్ని తిండి దగ్గరికి తెచ్చిన తొలి పద్ధతుల్లో షాల్ ఓవెన్ పరీక్ష ఒకటి. బిస్కెట్ల పరిశ్రమలో పుట్టింది. నూనెనో, బిస్కెట్లనో సుమారు 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, రోజూ తీసి వాసన చూసేవారు. పాత నూనె కంపు ఎన్నో రోజు వచ్చిందో రాసుకునేవారు. రెండు నూనెల్లో ఏది ముందు చెడుతుందో దీంతో తెలిసేది. మామూలు గదిలో అది ఎన్నాళ్లు ఉంటుందో చెప్పాలంటే మాత్రం ఒక్క ఓవెన్ చాలదు.

ఎందుకు చాలదో కారప్పూస మీద చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. ఒకే విడత సరుకును 45 డిగ్రీల దగ్గర కొంత, 35 దగ్గర కొంత పెట్టాం. 45 దగ్గర 30 రోజులకు, 35 దగ్గర 75 రోజులకు రుచి చూసేవాళ్లు ‘ఇక వద్దు’ అన్నారు. 75ను 30తో భాగిస్తే 2.5. అదే ఈ కారప్పూసకు క్యూ-టెన్. ఇంకో పది డిగ్రీలు దిగి 25కు వస్తే 75 ఇంటూ 2.5, అంటే సుమారు 187 రోజులు. ఆరు నెలలన్నమాట.

రెండో ఓవెన్ ఖర్చెందుకని, పుస్తకాల్లో ఉన్న ‘రెండు రెట్లు’ తీసుకున్నారనుకోండి. 30 రోజులు రెండుసార్లు రెట్టింపై 120 దగ్గర ఆగుతుంది. మూడు రెట్లు అనుకుంటే 270కి పోతుంది. అదే సరుకు, అదే ఓవెన్, కానీ తేదీల మధ్య ఐదు నెలల తేడా. క్యూ-టెన్‌ను పుస్తకంలోంచి ఎత్తుకోవడం నా దృష్టిలో ఊహకు దశాంశ బిందువు తగిలించడమే. పైగా అది ఒకే తిండికి కూడా స్థిరమైన అంకె కాదు. అర్హీనియస్ లెక్కన వేడి తగ్గేకొద్దీ అది కాస్త పెరుగుతుంది. మన ఉదాహరణలో 35 నుంచి 25కు దిగేటప్పుడు సుమారు 2.66 అవుతుంది, గడువు 200 రోజులకు చేరుతుంది. అందుకే జాగ్రత్తపరులు కనీసం మూడు వేడిమిల దగ్గర కొలుస్తారు.

‘చెడింది’ అని తేల్చడం మరో చిక్కు. ప్రయోగశాలలో కారప్పూస నుంచి నూనె లాగి, అందులో పొటాషియం అయొడైడ్ కలుపుతారు. నూనెలోని పెరాక్సైడ్లు అయొడిన్‌ను విడుదల చేస్తాయి. గంజి చుక్క వేస్తే నీలంగా మారుతుంది. ఆ నీలం పోయేదాకా థయోసల్ఫేట్‌ను చుక్క చుక్కగా వేసి, ఎంత పట్టిందో చూస్తారు. ఎక్కువ పడితే పెరాక్సైడ్లు ఎక్కువున్నట్టు. తిరకాసు ఏమిటంటే, ఈ పెరాక్సైడ్లు కొంతకాలం పెరిగి, తర్వాత విరిగి తగ్గిపోతాయి. ముక్కుకు తగిలే కంపు వాటి ముక్కలదే. కాబట్టి ఒక్కసారి కొలిచి అంకె తక్కువుందని సంబరపడితే, సరుకు అప్పటికే పాడైపోయి ఉండొచ్చు. వరుసగా కొలవాలి, పక్కన నాలుక కూడా ఉండాలి.

వేడి కేవలం గడియారాన్ని తిప్పదు, ఒక్కోసారి తిండినే మార్చేస్తుంది. బిస్కెట్ క్రీములో 37 డిగ్రీల దగ్గర కరిగే కొవ్వు ఉంటే, 45 దగ్గర మనం పరీక్షించేది కరిగిన క్రీమును. గట్టి క్రీము సంగతి అది చెప్పదు. వేర్వేరు వేడిమిల కొలతలను గీసిన గ్రాఫు మీద చుక్కలు ఒక గీతలో పడకుండా మధ్యలో వంగాయంటే అక్కడ ఇలాంటిదేదో జరిగిందని అనుమానించాలి. కారప్పూసలో ఇంకొకటుంది. నూనె చెడకముందే తేమ పట్టి మెత్తబడితే, ఎవరూ తినరు. దాన్ని నిర్ణయించేది ప్యాకెట్ పొర, బయటి గాలిలో తేమ. పై లెక్కలో రెండూ లేవు.

25 డిగ్రీలన్న మాట మన దగ్గర మరీ ఉదారం. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటే 45 దాకా పోతుంది. రేకుల గోదాములో అంతకన్నా ఎక్కువ. అక్కడ మన ‘వేగపు పరీక్ష’ మామూలు నిల్వే. ఒక్క నెల అలా గడిస్తే ఆరు నెలల ప్యాకెట్ ఆయుష్షు మొత్తం అయిపోయినట్టే. అందుకే గడువును 30 లేదా 35 దగ్గర కట్టి, అదే విడత ప్యాకెట్లను మామూలు గదిలో కూడా ఉంచి, నెలనెలా విప్పి చూస్తారు. ఈ రెండో పరీక్ష ఫలితం మొదటి లెక్కకు అడ్డం తిరిగితే, తర్వాతి విడత నుంచి తేదీని సవరిస్తారు.