కొబ్బరి నీడలో తెల్ల లేసు

ఫోన్‌తో ఫోటో తీసేటప్పుడు కిటికీలోంచి వచ్చే వెలుగు ఏ రంగుదో ముందు చూడాలంటోంది మలికిపురం

కోనసీమ ఇళ్లలో తయారై ఫోన్‌లో అమ్ముడుపోయే వస్తువుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారానికల్లా పేజీలు సిద్ధం కావాలి. పీచు తాళ్లు, కొబ్బరి నూనె, లేసు అన్నీ చూడాలనే మలికిపురం వెళ్లాను. కానీ ఒక ఇంట్లో ఫోన్‌లో కనిపించిన ఫోటో దగ్గరే ఆగిపోయాను. జానెడు వెడల్పు గుండ్రటి లేసు, బల్ల మీద పూలకుండీ కింద పరిచేది. ఆ ఫోటో కింద ఊరుకాని ఊరి నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఉంది: ఇది లేత ఆకుపచ్చ దారమా?

దారం తెల్లదే. “ఇంట్లో చూత్తే మల్లెపువ్వులా ఉంటాదండి. ఫోటోలోకొచ్చేసరికి ఆకురంగు దిగిపోతందండి,” అంది అల్లినావిడ. ఫోను పాతదైపోయిందని ఆమె అనుమానం. పక్కింటివాళ్ల కొత్త ఫోనుతో తీసినా అదే రంగు పడింది.

కారణం కిటికీ అవతల ఉంది. ఇంటి చుట్టూ కొబ్బరి, వాటి కింద అరటి. ఆకాశం నుంచి వచ్చే వెలుగు ఆ ఆకుల్లోంచి వడకట్టుకుని, వాటి మీద పడి చెదిరి లోపలికి వస్తోంది. గది గోడలకు లేతాకుపచ్చ సున్నం వేయడంతో మరికాస్త రంగు కలిసింది. మన కన్ను ఆ రంగుకు సర్దుకుని తెల్లదాన్ని తెల్లగానే చూపిస్తుంది. ఫోను మాత్రం ఫ్రేములో ఉన్న రంగులను బట్టి ఏది తెలుపో అంచనా వేస్తుంది. పోల్చుకోవడానికి ఫ్రేములో లేసు తప్ప మరేమీ లేకపోతే ఆ అంచనా తప్పుతుంది.

దీనికి పరికరమేదీ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. లేసు పెట్టే చోట తల ఆనించి, అక్కణ్నుంచి కిటికీ వైపు చూడాలి. ఆకులు కనిపిస్తే లేసు మీద పడేది ఆకుల వెలుగు. ఆకాశం కనిపిస్తే ఆకాశపు వెలుగు. ఆ గదిలో బల్ల మీద తల ఆనిస్తే కనిపించినవన్నీ అరటాకులే. మేడ మీది గదిలో కిటికీ పక్కన అదే పని చేస్తే, చెట్ల తలల పైన సగానికి పైగా తెల్లటి మబ్బు కనిపించింది. లేసును అక్కడికి మార్చి, ట్యూబులైటు ఆర్పి తీస్తే దారం రంగు దారికొచ్చింది. మేడ లేనివాళ్లకు వసారా అంచు చాలు. ముందు వాకిలి ఖాళీగా ఉంటే చాలు.

మేడ మీది కిటికీ ఉత్తరం వైపుది కావడం కూడా కలిసొచ్చింది. నేరుగా ఎండపడితే ప్రతి పోగు పక్కనా కత్తితో గీసినట్టు నల్లటి నీడ పడుతుంది, పైభాగం తెల్లగా మాడిపోతుంది. మన దేశంలో ఉత్తరపు కిటికీలోకి ఎండ రాదని పుస్తకాలు చెబుతాయి కానీ, కోనసీమలో ఆ మాట ఏడాది పొడవునా నిలవదు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, పడమరకు ఉత్తరంగా అస్తమిస్తాడు. కాబట్టి ఎండాకాలం పొద్దున్నే, సాయంత్రం ఆ కిటికీలోకి ఏటవాలు ఎండ వస్తుంది. ఆ వేళల్లో పల్చటి తెల్ల పంచె ఒకటి కిటికీకి కట్టాలి, లేదా ఎండ పక్కకు తప్పుకునే దాకా ఆగాలి. మబ్బు పట్టిన మధ్యాహ్నమైతే ఏదీ కట్టనక్కర్లేదు.

నీడ మెత్తగా పడాలంటే వస్తువుకు కిటికీ పెద్దగా కనిపించాలి. మూడడుగుల కిటికీకి అడుగున్నర దూరంలో ఉన్న లేసు మీదికి వెలుగు చాలా దిక్కుల నుంచి వస్తుంది, నీడ అంచు కరిగిపోతుంది. అదే లేసును గది అవతలి గోడ దగ్గర పెడితే అదే కిటికీ చిన్న దీపంలా పనిచేస్తుంది, నీడ బిగుసుకుంటుంది. అయితే దగ్గరగా పెట్టినప్పుడు కిటికీ వైపు సగం వెలిగిపోయి, అవతలి సగం మసకబారుతుంది. అందుకని అవతలి పక్క అడుగు దూరంలో థర్మాకోల్ షీటు నిలబెట్టాం. అది వెలుగును వెనక్కి పంపింది.

ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది. నీడను పూర్తిగా చంపేయకూడదు. లేసులో పువ్వు ఉబ్బెత్తుగా ఉందని, పోగు మెలిక తిరిగిందని చెప్పేది నీడే. షీటును మరీ దగ్గరికి జరిపేసరికి అల్లిక కాగితం మీద అచ్చువేసిన బొమ్మలా చదునైపోయింది. ఎదురుగా పెట్టే రింగులైటూ ఇదే చేస్తుంది. అందుకే లేసుకు దాన్ని వాడొద్దంటాను. షీటును వెనక్కి జరుపుతూ పోగు పక్కన సన్నటి బూడిదరంగు గీత కనిపించే చోట ఆపాలి.

కింద పరిచింది ముదురు నీలం నూలు గుడ్డ. అంతకుముందు వాడిన నిగనిగలాడే చార్టు కాగితం కిటికీని తిరిగి చూపించి మధ్యలో తెల్లటి మచ్చ వేసేది. ముదురు గుడ్డ మీద ఇంకో చిక్కుంది. గుడ్డ నల్లగా ఉందని ఫోను మొత్తం ఫోటోను వెలిగించేస్తుంది, లేసు తెల్లటి ముద్దవుతుంది. తెర మీద లేసును వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. తెల్ల గుడ్డ మీదైతే ఫోను ఉల్టాగా చీకటి చేస్తుంది కాబట్టి పైకి లాగాలి. తీశాక పెద్దది చేసి చూస్తే పోగులు విడివిడిగా కనిపించాలి.

గుండ్రటి లేసు కోడిగుడ్డు ఆకారంలో పడుతుంటే ఫోను వంగిందన్నమాట. ఫోనును బల్లకు సమాంతరంగా పట్టి, రెండడుగుల ఎత్తు నుంచి 2x లో తీస్తే గుండ్రం నిలుస్తుంది. వెలుగు పక్క నుంచి వస్తుంది కనుక ఫోను నీడ లేసు మీద పడదు.

చరిత్ర రెండు ముక్కల్లో. వశిష్ఠ గోదావరికి అవతల నరసాపురంలో 1844లో మెక్రే అనే మిషనరీ దంపతులు లేసు పని నేర్పారని చెబుతారు. అది ఏరు దాటి కోనసీమ ఇళ్లకూ చేరింది. ఆ పనిచేసే స్త్రీల కూలి గురించి మరియా మీస్ 1982లో పుస్తకం రాశారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరిగ్గా ఆ 1844లోనే ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బాట్ ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అనే ఫోటోల పుస్తకాన్ని భాగాలుగా వెలువరించడం మొదలుపెట్టాడు. అందులో ఒక ఫోటో లేసుది. కెమెరా లేకుండా, వెలుగు తగిలితే నల్లబడే కాగితం మీద లేసు పరిచి వెలుగులో ఉంచాడు. దారం కింద కాగితం తెల్లగా మిగిలింది, కన్నాలున్న చోట నల్లబడింది. ముదురు నేల మీద తెల్లటి అల్లిక! మేడ మీది గదిలో ముదురు నీలం గుడ్డ మీద కన్నాలు తేటగా లెక్కకు దొరికినదీ అందుకే.

*నూనె సీసా*

గాజు మీద కిటికీ కనిపించక మానదు, ఊచలతో సహా. తెల్ల పంచె కడితే ఊచలు పోయి, సీసా అంచున ఒకే తెల్లటి పట్టీ మిగులుతుంది. అది గాజు మెరుపులా ఉంటుంది, ఉంచేయొచ్చు. అది లేబులు మీదికి వస్తుంటే సీసాను కదపడం కన్నా ఫోటో తీసేవాళ్లు పక్కకు జరగడం మేలు. నూనె రంగు తెలియాలంటే కిటికీ సీసాకు వెనక పక్కగా ఉండాలి. అప్పుడు నల్లబడే లేబులుకు ముందు నుంచి తెల్ల అట్ట చూపించాలి. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకట్టడం మొదలవుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున తీస్తే తెల్లగా మసకేసి, కొనేవాళ్లకు నూనె పాడైందనిపిస్తుంది. పొద్దెక్కాక తీయండి.

*రాత్రి అడిగితే*

వెంటనే పంపమన్నారని ట్యూబులైటు కింద తీసిన ఫోటోను పగటి ఫోటో పక్కన పెడితే రెండు వేర్వేరు దారాల్లా ఉంటాయి. రంగు అడిగినవాళ్లకు తెల్లారాక పంపుతామని చెప్పడమే నయం.